ఇరవై మందికి 3.47 సగటు రాదు

ఇరవై మందిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ఒకటి నుంచి ఏడు దాకా తమకు తోచిన అంకె వేయమన్నారు. అందరి అంకెలూ కూడి, ఇరవైతో భాగించి, సగటు 3.47 వచ్చిందని పరిశోధనా పత్రంలో రాశారు. ఆ ఇరవై మంది ఎవరో మనకు తెలియదు. ఎవరు ఎంత వేశారో తెలియదు. వాళ్ళు నింపిన కాగితాలు మన చేతికి రావు. అయినా ఆ సగటు తప్పని ఇంట్లో కూర్చునే చెప్పేయవచ్చు.

కారణం చిన్నదే. ప్రతి ఒక్కరూ వేసింది పూర్ణాంకం కాబట్టి అన్నీ కూడితే వచ్చేదీ పూర్ణాంకమే. మొత్తం 69 అయితే సగటు 3.45. మొత్తం 70 అయితే 3.50. 69కీ 70కీ మధ్య ఇంకో పూర్ణాంకం లేదు కనుక 3.45కీ 3.50కీ మధ్య ఇంకో సగటు కూడా లేదు. ఇరవై మంది సగటు 0.05 ఎత్తున్న మెట్ల మీదే నడుస్తుంది. ఈ మెట్టు మీద ఉండాలి, లేదంటే పై మెట్టు మీద. 3.47 అనేది రెండు మెట్ల మధ్య గాలిలో ఉంది.

ఎంతమందిని అడిగారన్నది ఆ మెట్టు ఎత్తును నిర్ణయిస్తుంది. ఒకటిని ఆ సంఖ్యతో భాగిస్తే చాలు. పది మందైతే మెట్టు 0.1. పాతిక మందైతే 0.04. యాభై మందైతే 0.02. శాతాలకూ ఇదే లెక్క. పాతిక మందిలో ఆడవాళ్ళు 60 శాతం ఉండవచ్చు, 64 శాతం ఉండవచ్చు, 62 మాత్రం ఉండలేరు. పేపర్ రాసినవాళ్ళు సగటు ఒకచోట, శాతం ఒకచోట, మనుషుల సంఖ్య ఇంకోచోట రాస్తారు గానీ, ఆ మూడూ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నవే. ఒకటి జారితే మిగతావి పట్టిస్తాయి.

అయిదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన ఈ భాగహారాన్ని పరిశోధనా పత్రాల మీద పద్ధతి ప్రకారం ప్రయోగించి, దానికో పేరు పెట్టినవాళ్ళు నిక్ బ్రౌన్, జేమ్స్ హీథర్స్. 2016లో వాళ్ళు దీన్ని బయటపెట్టారు. గ్రిమ్ పరీక్ష అన్నారు. బ్రౌన్ కథ చెప్పుకోదగ్గది. ఆయన ఎన్నో ఏళ్ళు కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం చేసి, నడివయసులో మనస్తత్వశాస్త్రం చదవడానికి వచ్చిన ఇంగ్లిష్ మనిషి. సంతోషానికీ దిగులుకూ మధ్య 2.9013 అనే నిష్పత్తి ఉంటుందని, అది దాటితే మనిషి వికసిస్తాడని ఒక పేరుపొందిన పేపర్ చెప్పింది. చదువుకునే రోజుల్లోనే ఆయన దాని గణితాన్ని ప్రశ్నించి, భౌతికశాస్త్రవేత్త అలన్ సోకల్, హారిస్ ఫ్రీడ్‌మన్‌లతో కలిసి అందులో పస లేదని 2013లో చూపించారు. హీథర్స్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పరిశోధకుడు. ఇద్దరూ పేపర్లలోని అంకెలను పైపైన చదివి వదిలిపెట్టని రకం.

మనస్తత్వశాస్త్రంలో పేరున్న జర్నల్స్ నుంచి వాళ్ళు అప్పటికి కొత్తగా వచ్చిన 260 పేపర్లు తీశారు. వాటిలో ఈ పరీక్షకు పనికొచ్చేవి 71 మాత్రమే. మిగతావాటిలో శాంపిల్ మరీ పెద్దది కావడమో, పూర్ణాంకాలు కాని కొలతలు ఉండటమో జరిగింది. ఆ 71లో 36 పేపర్లలో, అంటే దాదాపు సగంలో, కనీసం ఒక్క సగటైనా అసాధ్యమైనదిగా తేలింది. 16 పేపర్లలో అలాంటివి ఒకటికి మించి ఉన్నాయి. ఇవన్నీ నిపుణులు ముందే చదివి, సరేనన్నాక అచ్చైన పేపర్లు. ఎవరూ కాలిక్యులేటర్ తీసి ఒక్క భాగహారం చేసి చూడలేదు.

పరీక్ష ఎలా నడుస్తుందో చూడటానికి ఒక పట్టికను ఊహించుకుందాం. ఇది నిజమైన పేపర్ కాదు, పద్ధతి చూపించడానికి నేను కట్టినది.

ఒక ప్రయోగంలో 52 మంది విద్యార్థులు పాల్గొన్నారని పేపర్ మొదట్లోనే ఉంది. వాళ్ళను రెండు జట్లు చేశారు. మొదటి జట్టులో 27 మంది, రెండో జట్టులో 25 మంది. రెండు జట్లలోనూ అమ్మాయిలు 63 శాతం. ఒక ప్రశ్నకు ఒకటి నుంచి ఏడు దాకా మార్కు వేయమన్నారు. మొదటి జట్టు సగటు 4.63, రెండో జట్టు సగటు 3.79, అందరిదీ కలిపి 4.24. చూడటానికి పట్టిక శుభ్రంగా ఉంది. 27, 25 కూడితే 52. రెండు జట్ల సగటుల మధ్యే మొత్తం సగటు ఉంది. పేపర్ తిరగేసేవాడికి అనుమానపడాల్సిందేమీ కనిపించదు.

మొదటి జట్టుతో మొదలుపెడదాం. 4.63ని 27తో గుణిస్తే 125.01. దానికి దగ్గరి పూర్ణాంకం 125. వెనక్కి తిరిగి 125ని 27తో భాగిస్తే 4.6296. రెండు దశాంశాలకు కుదిస్తే 4.63. సరిపోయింది. శాతం చూస్తే, 27 మందిలో 17 మంది అమ్మాయిలైతే 62.96. అది 63. అదీ సరిపోయింది. మొదటి జట్టు మీద మనకు ఫిర్యాదు లేదు.

రెండో జట్టు. 3.79ని 25తో గుణిస్తే 94.75. మొత్తం 95 అనుకుంటే సగటు 3.80. 94 అనుకుంటే 3.76. 3.79 ఎటూ రాదు. శాతం చూడండి. 25 మందిలో 15 మంది అమ్మాయిలైతే 60 శాతం, 16 మందైతే 64. 63 రాదు. రెండూ పోయాయి.

మొత్తం సగటు మిగిలింది. 4.24ని 52తో గుణిస్తే 220.48. మొత్తం 220 అయితే సగటు 4.23. 221 అయితే 4.25. 4.24 రాదు. మూడోదీ పోయింది.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, పేపర్ మోసమని తీర్పు చెప్పేస్తారు. అసలు పని మొదలయ్యేది ఇక్కడి నుంచే. ఎంతమంది అయితే ఈ అంకెలు పొసగుతాయి? 22, 23, 26 పెట్టి చూస్తే 3.79 రాదు. 24 పెట్టండి. మొత్తం 91 అయితే, 91ని 24తో భాగిస్తే 3.7917. అంటే 3.79. వచ్చేసింది. 24 మందిలో 15 మంది అమ్మాయిలైతే సరిగ్గా 62.5 శాతం. పైకి కుదిస్తే 63. అదీ వచ్చింది. ఇక రెండు జట్లూ కలిపితే, 125కి 91 కూడితే 216, మనుషులు 27కి 24 కలిపి 51. 216ని 51తో భాగిస్తే 4.235. అంటే 4.24. మూడూ ఒక్క మార్పుతో కుదిరాయి.

ఇప్పుడు పట్టిక చెబుతున్నది వేరు. రెండో జట్టులో చేరినవాళ్ళు 25 మందే కావచ్చు. లెక్కలోకి వచ్చినవాళ్ళు మాత్రం 24 మందే. ఎవరో ఒకరు మధ్యలో లేచిపోయి ఉంటారు, లేదా ఆ ప్రశ్న వదిలేసి ఉంటారు. పేపర్ రాసినవాళ్ళు ఆ సంగతి చెప్పడం మరిచిపోయారు. ఇది చిన్న తప్పే. అయినా దిద్దాల్సిన తప్పే, ఎందుకంటే ఆ ఒక్కరినీ ఎందుకు తీసేశారన్నది చదివేవాళ్ళకు తెలియాలి.

ఒక జాగ్రత్త. ఇరవై నాలుగు సరిపోయింది కదా అని ఒక్క సగటును పట్టుకుని ఆ మాట అనకూడదు. పదిహేను నుంచి ముప్ఫై దాకా సంఖ్యలు వరుసగా పెట్టుకుంటూ పోతే దాదాపు ఏ సగటుకైనా ఏదో ఒకటి అతుకుతుంది. ఇక్కడ నమ్మకం కలిగించింది వేరే విషయం. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అంకెలు, అమ్మాయిల శాతమూ మార్కుల సగటూ, ఒకే సంఖ్యను చూపించాయి. ఆ తర్వాత మొత్తం సగటు కూడా వాటికి సాక్ష్యం చెప్పింది.

చేత్తో చేసే ఓపిక లేకపోతే ఎక్సెల్‌లో ఒక గడిలో ఇది వేయవచ్చు.

```
=ROUND(ROUND(3.79*25,0)/25,2)
```

పేపర్‌లో ఉన్న సగటే తిరిగి వస్తే సరే. ఇక్కడ 3.8 వస్తుంది, 3.79 రాదు. అంటే పట్టిక మళ్ళీ చూడాలి. 3.79 ఉన్నచోట మీకు కావలసిన సగటు, 25 ఉన్న రెండు చోట్లా మనుషుల సంఖ్య పెట్టుకుంటే ఏ పట్టికకైనా పనికొస్తుంది.

ఈ పరీక్షకు పదును ఎక్కడ ఉంటుందో తెలుసుకోవాలి. రెండు దశాంశాల సగటుకు చివర 00 నుంచి 99 దాకా వంద రకాలు ఉంటాయి. మనుషులు ఇరవై మందే అయితే ఆ వందలో ఇరవై మాత్రమే సాధ్యం. అంటే ఎవరైనా ప్రయోగం చేయకుండా కూర్చుని నోటికొచ్చిన సగటు రాస్తే, అయిదింట నాలుగుసార్లు దొరికిపోతారు. ఎనభై మందైతే వందలో ఎనభై సాధ్యం కాబట్టి పరీక్ష అయిదింట ఒకసారే పట్టుకుంటుంది. వంద మంది, ఆపైన అయితే రెండు దశాంశాల సగటు ఏది రాసినా గట్టెక్కేస్తుంది. ఇది చిన్న శాంపిళ్ళ పరీక్ష. మనస్తత్వశాస్త్ర ప్రయోగాల్లో ఒక్కో జట్టులో ఇరవై, ముప్ఫై మందే ఉండటం మామూలు కాబట్టే ఇది అక్కడ పుట్టింది.

దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. ఒక పట్టికలో పది సగటులున్నాయి, ఒక్కో జట్టులో పాతిక మంది ఉన్నారు అనుకోండి. వాటిలో ఒకటి మాత్రమే తప్పితే అది అచ్చుతప్పో, టైపు చేసేటప్పుడు జారిన అంకో అయి ఉండవచ్చు. పదిలో ఏడో ఎనిమిదో తప్పితే విషయం వేరు. గాలిలోంచి పుట్టించిన అంకెలు ఇంచుమించు అదే లెక్కలో తప్పుతాయి, ఎందుకంటే పాతిక మందికి నాలుగింట మూడు సగటులు అసాధ్యం. తప్పు ఉందా లేదా అన్నదానికంటే ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నదే ఎక్కువ చెబుతుంది. అన్ని తప్పులూ ఒకే జట్టులో ఉంటే ఆ జట్టు సంఖ్య తప్పు రాశారేమో చూడాలి. పట్టికంతా చెదురుమదురుగా ఉంటే ఆ సమాధానం చాలదు.

శాతాలకు వస్తే పరీక్ష ఇంకొంచెం దూరం వెళుతుంది. దశాంశం లేకుండా రాసిన శాతాన్ని వంద మంది లోపే పరీక్షించగలం. ఒక దశాంశంతో రాస్తే వెయ్యి మంది లోపు దాకా వీలవుతుంది, ఎందుకంటే 31.5 శాతమంటే 0.315, అందులో మూడు దశాంశాలున్నాయి. వైద్య పరిశోధనల పేపర్లలో మొదటి పట్టిక సాధారణంగా రోగుల వివరాలు చెబుతుంది. ఆడవాళ్ళు ఇంత శాతం, షుగర్ ఉన్నవాళ్ళు ఇంత శాతం, పొగతాగేవాళ్ళు ఇంత శాతం అని వరుసగా ఉంటుంది. నేను ముందు చూసేది ఆ పట్టికే. 240 మంది రోగుల్లో షుగర్ ఉన్నవాళ్ళు 31.5 శాతమని ఉందనుకోండి. 75 మందైతే 31.25 శాతం, 76 మందైతే 31.67. 31.5 రాదు. ఒకరికి రక్తపరీక్ష ఫలితం దొరక్క 239 మందిని లెక్కవేశారా, 238 మందినా అన్నది అడగాల్సిన ప్రశ్న. 238 పెట్టి చూస్తే 75 మందికి 31.5 వస్తుంది. అంటే ఇద్దరి ఫలితాలు లేవేమో.

శాతాల్లో వరుసలు కూడి చూడటం కూడా మంచి పద్ధతి. ఒక జట్టులో 34 మంది ఉన్నారు. వాళ్ళలో పదో తరగతి దాకా చదివినవాళ్ళు 35 శాతం, ఇంటర్ 41 శాతం, డిగ్రీ 24 శాతం. వీటిని మనుషులుగా మారిస్తే 12, 14, 8. మొత్తం 34. పొసిగింది. ఇలా మనుషులుగా మార్చి కూడితే జట్టు సంఖ్య రావాలి. శాతాలు మాత్రం కూడినప్పుడు సరిగ్గా వంద రావాలన్న నియమం లేదు. ముగ్గురు మనుషులు మూడు రకాలైతే ఒక్కొక్కరూ 33 శాతం, మొత్తం 99. అది తప్పు కాదు, కుదింపు మూలంగా వచ్చిన తేడా. 99, 101 చూసి ఎగిరిపడేవాళ్ళు అసలు తప్పులున్న వరుసను వదిలేస్తుంటారు.

ఇప్పుడు ఈ పరీక్ష మనల్ని ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చెప్పాలి. ఇది చెప్పకపోతే పరీక్ష చేతిలో ఉన్నవాడు నిర్దోషుల మీద పడతాడు.

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది ప్రశ్నల సంఖ్య దగ్గర. మొదట్లో చెప్పిన ఇరవై మందిని ఒక ప్రశ్న కాక అయిదు ప్రశ్నలు అడిగి, ఆ అయిదు జవాబుల సగటును ఒక్కొక్కరి మార్కుగా తీసుకున్నారనుకోండి. అప్పుడు కూడిన జవాబులు ఇరవై కావు, వంద. మెట్టు ఎత్తు 0.05 కాదు, 0.01. మొత్తం 347 అయితే సగటు 3.47 నిక్షేపంగా వస్తుంది. అందుకే పట్టిక చూసే ముందు పేపర్‌లో పద్ధతి రాసిన భాగం చదవాలి. ఎన్ని ప్రశ్నలు, ఒక్కోదానికి ఎన్ని అంకెల స్కేలు, వాటిని కూడారా, సగటు తీశారా అని చూసుకోవాలి. మనుషుల సంఖ్యను ప్రశ్నల సంఖ్యతో గుణించి, ఆ వచ్చినదాంతో పరీక్ష చేయాలి. ప్రశ్నలు ఎన్నో పేపర్‌లో రాయకపోతే పరీక్ష చేయలేం, అంతే.

వయసు దగ్గర కూడా తడబడతారు. మీ వయసెంత అని అడిగి, 34 అని రాసుకుంటే అది పూర్ణాంకం. పుట్టిన తేదీ తీసుకుని కంప్యూటర్ చేత లెక్కవేయిస్తే 34.27 అవుతుంది, దానికి ఈ మెట్లు వర్తించవు. బరువు, రక్తపోటు సగటులు, బొత్తాం నొక్కడానికి పట్టిన సమయం లాంటి కొలతల్లో పూర్ణాంకాల పట్టు ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. ఇంకొన్ని పేపర్లలో వయసు, చదువు లాంటి తేడాలను తీసేశాక మిగిలిన సగటు ఇస్తారు. సవరించిన సగటు అంటారు దాన్ని. అది నేరుగా కూడి భాగించి వచ్చింది కాదు. దాని మీద ఈ భాగహారం చేయడం అర్థం లేని పని.

కుదింపు ఇంకో చిక్కు. పై పట్టికలో 15 మంది 24లో 62.5 శాతం అయ్యారు కదా. సరిగ్గా సగంలో ఆగింది. మనకు బడిలో నేర్పినట్టు పైకి కుదిస్తే 63. కొన్ని సాఫ్ట్‌వేర్లు సగం దగ్గర ఆగినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు కుదిస్తాయి, అప్పుడు 62. ఎనిమిదితో భాగించినా, పదహారుతో భాగించినా, నలభైతో భాగించినా ఇలాంటివి తరచూ ఎదురవుతాయి. 17ని 8తో భాగిస్తే 2.125. దాన్ని 2.12 అని రాసినవాళ్ళూ, 2.13 అని రాసినవాళ్ళూ ఇద్దరూ సరైనవాళ్ళే. పరీక్ష చేసేవాడు రెండింటినీ ఒప్పుకోవాలి. అనుమానం ఉన్నచోట పేపర్‌కే లాభం ఇవ్వాలి.

ఇక పరీక్షలో నెగ్గిందంటే పేపర్ మంచిదని కాదు. అంకెలు ఒకదానికొకటి పొసుగుతున్నాయన్నంత వరకే అది చెప్పగలదు. ఇరవై మంది జవాబులు దొంగగా తనే నింపి, వాటికి కంప్యూటర్ చేత సగటు తీయించినవాడు ఈ పరీక్షలో ఎప్పుడూ దొరకడు.

ఈ పరీక్ష లోకానికి బాగా తెలిసొచ్చింది అమెరికాలో ఒక పిజ్జా బఫే మూలంగా. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆహారపు అలవాట్ల మీద పరిశోధనశాల నడిపిన బ్రయాన్ వాన్‌సింక్ పేరు అప్పట్లో పత్రికల్లో మోగిపోయేది. పెద్ద పళ్ళెంలో పెడితే ఎక్కువ తింటాం, కూరగాయలకు ముచ్చటైన పేరు పెడితే పిల్లలు తింటారు లాంటి మాటలు ఆయనవే. 2016 చివర్లో ఆయన స్వయంగా ఒక వ్యాసం రాశారు. ఒక ఇటాలియన్ బఫేలో సేకరించిన డేటా అనుకున్న ఫలితం ఇవ్వలేదని, దాన్ని ఒక విద్యార్థిని చేతికిచ్చి, ఇందులోంచి ఏదో ఒకటి రాబట్టమన్నానని, ఆమె పట్టుదలగా పనిచేస్తే పేపర్లు వచ్చాయని అందులో మెచ్చుకున్నారు. ఆయన దాన్ని పట్టుదలకు ఉదాహరణగా రాశారు. చదివిన గణాంకవేత్తలకు ఒళ్ళు జలదరించింది. అనుకున్నది రాకపోతే ఇంకోటి దొరికేదాకా డేటాను తవ్వడం పరిశోధనలో చేయకూడని పని.

టిమ్ వాండర్ జీ, జోర్డన్ అనాయా, నిక్ బ్రౌన్ ఆ బఫే మీద వచ్చిన నాలుగు పేపర్లను ముందు పెట్టుకుని కూర్చున్నారు. డేటా వాళ్ళ దగ్గర లేదు. అచ్చైన పట్టికలే ఉన్నాయి. సగటులను మనుషుల సంఖ్యతో గుణించి చూశారు. ఒకే బఫేలో తిన్నవాళ్ళ సంఖ్య ఒక పేపర్‌లో ఒకలా, ఇంకో పేపర్‌లో ఇంకోలా ఎందుకుందో పోల్చి చూశారు. 2017 జనవరిలో వాళ్ళు బయటపెట్టిన నివేదికలో ఆ నాలుగు పేపర్లలో దాదాపు 150 పొసగని అంకెలున్నాయి. నాలుగు పేపర్లకు నూటయాభై. ఇందాక చెప్పిన ఒక్క అచ్చుతప్పు కథ ఇక్కడ పనికిరాదు.

ఆ తర్వాత వాన్‌సింక్ పాత పేపర్లను ఒక్కొక్కటిగా తీసి చూడటం మొదలైంది. 2018 సెప్టెంబరులో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్స్ ఆయన పేపర్లు ఆరింటిని ఒకేసారి వెనక్కి తీసుకున్నాయి. అదే వారంలో కార్నెల్ తన విచారణ ఫలితం చెప్పింది. డేటాను తప్పుగా నివేదించడం, లోపాలున్న గణాంక పద్ధతులు వాడటం, ఫలితాలను సరిగ్గా భద్రపరచకపోవడం లాంటి తప్పులు ఆయన చేశారని తేల్చింది. ఆయన రాజీనామా చేశారు. అంకెలు మార్చి మోసం చేయలేదని, ఉద్దేశపూర్వకంగా ఏదీ చేయలేదని ఆయన చెప్పుకున్నారు. ఆ మాట నిజమో కాదో గ్రిమ్ పరీక్ష తేల్చలేదు. మనసులో ఏముందో భాగహారానికి తెలియదు. దానికి తెలిసిందల్లా ఆ పట్టికలోని సగటు ఆ పట్టికలోని మనుషుల నుంచి రాలేదని మాత్రమే.

అందుకే తప్పు కనిపించాక వేయాల్సిన అడుగు పేపర్ రాసినవాళ్ళకు ఉత్తరం. బ్రౌన్, హీథర్స్ కూడా అదే చేశారు. 36 పేపర్లలో 21 పేపర్ల డేటా ఇవ్వమని రచయితలను అడిగారు. తొమ్మిది పేపర్ల వాళ్ళు ఇచ్చారు. ఆ తొమ్మిదింటిలోనూ కనీసం ఒక్కో తప్పు నిజంగానే ఉందని డేటా చూస్తే తేలింది. మూడింటికి పెద్ద దిద్దుబాట్లే కావాల్సి వచ్చాయి. మిగిలిన పన్నెండు పేపర్ల డేటా చేతికి రాలేదు. ప్రచురించేటప్పుడు, అడిగితే డేటా ఇస్తామని ఒప్పుకున్నవాళ్ళు కూడా అడిగితే ఇవ్వకపోవడం నాకు అసాధ్యమైన సగటు కంటే ఎక్కువ బాధ కలిగించే విషయం. సగటు తప్పితే దిద్దుకోవచ్చు. డేటా దాచితే దిద్దే దారి మూసుకుపోతుంది.

ఉత్తరం రాసేటప్పుడు నింద వద్దు. లెక్క మొత్తం కాగితం మీద పెట్టి, అవతలివాళ్ళు అయిదు నిమిషాల్లో సరిచూసుకునేలా రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. మన ఊహా పట్టికకు నేనైతే ఇలా రాస్తాను. "అయ్యా, మీ రెండో పట్టికలో రెండో జట్టు 25 మంది అని ఉంది. అది 25 అయితే సగటు 3.79 గానీ, అమ్మాయిలు 63 శాతం గానీ రావడం లేదు. మొత్తం 52 మంది అయితే 4.24 కూడా రావడం లేదు. 24 అనుకుంటే మూడూ వస్తున్నాయి, మొత్తం 51 అవుతుంది. ఆ జట్టులో ఒకరి జవాబు లెక్కలోకి తీసుకోలేదా? తీసుకోకపోతే ఎందుకో దయచేసి చెప్పగలరా? వీలైతే పేర్లు తీసేసి ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబులు పంపండి, ఇంకేమీ అక్కర్లేదు."